గీతలు ఖండించుకునే చోటే ఖర్చు తక్కువ ఎందుకు? ఇ.ఓ.క్యూ. లెక్క లోపలి సంగతి

ఒకసారికి ఎంత సరుకు తెప్పిస్తే ఏడాది ఖర్చు అతి తక్కువవుతుందో చెప్పే లెక్కను ఎకనమిక్ ఆర్డర్ క్వాంటిటీ, పొట్టిగా ఇ.ఓ.క్యూ. అంటారు. ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్ పాఠ్యపుస్తకం ఏది తెరిచినా ఇన్వెంటరీ అధ్యాయంలో ఈ లెక్కకు దాదాపు ఒకటే బొమ్మ కనిపిస్తుంది. అడ్డంగా ఆర్డర్ పరిమాణం, నిలువుగా ఏడాది ఖర్చు. మూలబిందువు దగ్గర మొదలై ఏటవాలుగా ఎక్కిపోయే సరళరేఖ నిల్వ ఖర్చుది. ఎడమ పక్క బాగా ఎత్తులో మొదలై, గబగబా దిగి, కుడివైపు పోనుపోను చదునయ్యే వంపు ఆర్డర్ ఖర్చుది. ఈ రెండూ కలిపితే వచ్చే మొత్తం ఖర్చు వాటి పైన గిన్నెలా కూర్చుంటుంది. ఆ గిన్నె అడుగు నుంచి కిందికి చుక్కల గీత గీస్తే, అది సరిగ్గా ఆ రెండు గీతలూ ఖండించుకునే బిందువు మీదుగా పోతుంది. ఆర్డర్ ఖర్చూ నిల్వ ఖర్చూ సమానమైన చోట మొత్తం ఖర్చు కనిష్ఠం అని బొమ్మ కింద ఒక వాక్యం ఉంటుంది. దాని కింద గీత గీసి గుర్తుపెట్టుకోవడం, వర్గమూలం సూత్రంలోకి దూకడం చాలామంది చేసే పని.

ఆ వాక్యం అబద్ధం కాదు. కానీ చదివేవాళ్లకు అది ఒక తప్పు నమ్మకాన్ని నాటిపోతుంది. ఒకటి పెరిగే గీత, ఒకటి తగ్గే గీత ఉంటే వాటి కూడిక ఎప్పుడూ అవి కలిసే చోటే కనిష్ఠమవుతుందన్నది ఆ నమ్మకం. నిజానికి రెండు గీతలు ఖండించుకోవడానికీ, వాటి కూడిక అడుగు తాకడానికీ మామూలుగా ఏ సంబంధమూ లేదు. ఈ ఒక్క లెక్కలో రెండూ ఒకేచోట పడటానికి కారణం ఆ గీతల ఆకారం. ఆ కారణం తెలిస్తే సూత్రం ఎక్కడిదాకా పనికొస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో దానంతటదే తేలిపోతుంది.

ముందు లెక్క

పంపులు తయారుచేసే ఒక కర్మాగారాన్ని ఊహించుకుందాం. అది ఏడాదికి 3,600 బేరింగులు వాడుతుంది, అదీ ఏడాది పొడవునా ఒకే వేగంతో. బేరింగు ఒక్కోటి 160. ఒకసారి ఆర్డర్ పెట్టి, సరుకు తెప్పించి, దించుకుని, తనిఖీ చేసి, బిల్లు చెల్లించే పనికి 400 అవుతుంది. పది బేరింగులు తెప్పించినా వెయ్యి తెప్పించినా ఈ 400 మారదు. కొన్న సరుకు అల్మరాలో కూర్చున్నంత కాలం దాని మీద పెట్టిన డబ్బు వడ్డీ, బీమా, తుప్పు పట్టి పాడయ్యేది కలిపి ఏడాదికి ధరలో 20 శాతం. అంటే ఒక బేరింగును ఏడాది పాటు నిల్వ ఉంచడానికి 32. అన్ని మొత్తాలూ ఒకే నాణెంలో ఉన్నాయనుకుంటే చాలు, ఏ దేశపు నాణెమో లెక్కకు అక్కర్లేదు.

ఏడాది వాడకాన్ని D, ఒక్కో ఆర్డర్ ఖర్చును S, ఒక యూనిట్‌కు ఏడాది నిల్వ ఖర్చును H, ఒకసారి తెప్పించే పరిమాణాన్ని Q అందాం. ఏడాదిలో ఆర్డర్లు D/Q సార్లు పెట్టాలి, కాబట్టి ఏడాది ఆర్డర్ ఖర్చు ఆ సంఖ్యను S తో గుణించినంత. నిల్వ దగ్గర ఒక్క క్షణం ఆగాలి. సరుకు వచ్చిన రోజున అల్మరాలో Q ఉంటుంది. రోజూ కొంచెం కొంచెం తగ్గి, సున్నా అయ్యే వేళకు కొత్త సరుకు వస్తుంది. గీస్తే రంపపు పళ్లలా ఉంటుంది. ప్రతి పన్నూ Q దగ్గర మొదలై సున్నా దాకా నేరుగా దిగుతుంది, అందుకే సగటున అల్మరాలో ఉండేది Q లో సగం. వాడకం ఒకే వేగంతో ఉండాలన్న షరతు పెట్టింది ఈ సగం కోసమే. కాబట్టి:

```
ఏడాది ఖర్చు = (D/Q)·S + (Q/2)·H
Q* = √(2DS/H) = √(2 × 3600 × 400 / 32) = √90000 = 300
```

ఒకసారికి 300 బేరింగులు, ఏడాదికి 12 ఆర్డర్లు. ఆర్డర్ ఖర్చు 12 × 400, అంటే 4,800. నిల్వ ఖర్చు 150 × 32, అదీ 4,800. మొత్తం 9,600. పుస్తకం చెప్పినట్టే రెండూ సమానం. సరుకు కొనుగోలు ధర 5,76,000 ఈ లెక్కలోకి రాలేదు. ఎంతేసి తెప్పించినా ఏడాది కొనుగోలు అంతే కాబట్టి దాన్ని పక్కన పెట్టాం. ఈ పక్కన పెట్టడం ఎప్పుడు కుదరదో తర్వాత చూద్దాం.

ఈ వర్గమూలం సూత్రాన్ని 1913లో అచ్చువేసినవాడు ఫోర్డ్ విట్‌మన్ హారిస్ అనే అమెరికన్ ఇంజినీరు. తర్వాతి దశాబ్దాల్లో అసలు వ్యాసం మరుగునపడి, 1934లో దీన్ని ప్రచారంలోకి తెచ్చిన విల్సన్ పేరుతో చలామణీ అయింది. నేటికీ కొన్ని పుస్తకాలు విల్సన్ సూత్రమనే రాస్తాయి.

ఎత్తులు కాదు, వాలులు

ఇప్పుడు అసలు ప్రశ్న. మొత్తం ఖర్చు కనిష్ఠమయ్యే చోట నిజంగా సమానం కావలసినవి రెండు ఖర్చులు కావు, రెండు ఖర్చులు *మారే వేగాలు*. 300 దగ్గర నిలబడి, ఆర్డర్‌ను ఒక్క బేరింగు పెంచితే ఏమవుతుందో అడగండి. నిల్వ ఖర్చు 16 పెరుగుతుంది, ఎందుకంటే సగటు నిల్వ అర బేరింగు పెరిగింది. ఆర్డర్ ఖర్చు సుమారు 16 తగ్గుతుంది. లాభమూ నష్టమూ సరిసమానం, అందుకే అటూ ఇటూ కదలడంలో ప్రయోజనం లేదు. అదే 200 దగ్గర నిలబడితే, ఒక బేరింగు పెంచినందుకు నిల్వ మీద పెరిగేది మళ్లీ 16 మాత్రమే, ఆర్డర్ మీద తగ్గేది మాత్రం 36. కనుక ఇంకా పెంచడమే లాభం. 400 దగ్గర తగ్గేది 9, పెరిగేది 16. అక్కడి నుంచి వెనక్కి రావాలి.

అవకలనం చేసి సున్నాకు సమానం చేయడమంటే పుస్తకంలో జరిగేది ఇదే. వాలులు సమానం కావాలి, గుర్తులు వ్యతిరేకం కావాలి. ఇందులో ఎత్తుల ప్రస్తావన ఎక్కడా లేదు. మరి ఎత్తులు కూడా సమానం ఎలా అయ్యాయి?

నిల్వ గీత మూలబిందువు నుంచి వచ్చే సరళరేఖ. అలాంటి గీత మీద ఏ బిందువు దగ్గరైనా వాలు అంటే ఆ బిందువు ఎత్తును దాని అడ్డదూరంతో భాగిస్తే వచ్చేది. 300 దగ్గర ఎత్తు 4,800, భాగిస్తే 16. ఇందులో వింత లేదు. వింత ఆర్డర్ గీతలో ఉంది. అది విలోమానుపాతపు వంపు, గణితంలో అతిపరావలయం. దాని మీద కూడా ప్రతి బిందువు దగ్గరా వాలు పరిమాణం, ఎత్తును అడ్డదూరంతో భాగించినంతే. 300 దగ్గర 4,800 / 300 = 16. 200 దగ్గర 7,200 / 200 = 36. 400 దగ్గర 3,600 / 400 = 9. పై పేరాలో చెప్పిన 36, 9 ఇలా వచ్చినవే.

కాబట్టి రెండు గీతలకూ వాలు అంటే ఎత్తు బై Q. ఒకటి పైకి, ఒకటి కిందికి. వాలులు సమానమైన చోట, రెండింటికీ ఒకే Q కాబట్టి, ఎత్తులూ సమానం కాక తప్పదు. ఖండన బిందువు గిన్నె అడుగున పడటానికి పూర్తి కారణం ఇంతే. బీజగణితంలో చూస్తే రెండు వైపులా Q తో గుణించే ఒక్క అడుగు:

```
DS/Q² = H/2        (వాలులు సమానం)
DS/Q  = HQ/2       (రెండువైపులా Q తో గుణిస్తే: ఖర్చులు సమానం)
```

బొమ్మలో చూడాలనుకునేవాళ్లకు ఇంకా అందమైన దారి ఉంది. 300 దగ్గర ఆర్డర్ వంపుకు స్పర్శరేఖ గీయండి. అది కిందికి దిగి అడ్డ అక్షాన్ని సరిగ్గా 600 దగ్గర తాకుతుంది. నిల్వ గీత ఎటూ సున్నా దగ్గరి నుంచే వస్తోంది. ఈ రెండూ కలిస్తే సున్నా నుంచి 600 వరకు పునాదిగా, 300 మీద శిఖరంగా ఒక సమద్విబాహు త్రిభుజం ఏర్పడుతుంది. ఒక పక్క ఎంత నిటారో రెండో పక్కా అంతే. ఇలాంటి విలోమానుపాతపు అతిపరావలయం మీద ఎక్కడ స్పర్శరేఖ గీసినా అది తన అడ్డదూరానికి రెట్టింపు దూరంలోనే అక్షాన్ని తాకుతుంది. ఆ వంపుకున్న సొంత గుణమిది.

అద్దంలో ప్రతిబింబం

ఇదే సంగతిని అవకలనం లేకుండానూ చూడవచ్చు. కొన్ని పరిమాణాలకు ఖర్చులు లెక్కగడితే ఇలా వస్తాయి.

| ఆర్డర్ పరిమాణం | ఆర్డర్ ఖర్చు | నిల్వ ఖర్చు | మొత్తం |
|---|---|---|---|
| 100 | 14,400 | 1,600 | 16,000 |
| 150 | 9,600 | 2,400 | 12,000 |
| 200 | 7,200 | 3,200 | 10,400 |
| 300 | 4,800 | 4,800 | 9,600 |
| 450 | 3,200 | 7,200 | 10,400 |
| 600 | 2,400 | 9,600 | 12,000 |
| 900 | 1,600 | 14,400 | 16,000 |

పట్టికను పైనుంచీ కిందనుంచీ కలిపి చదవండి. 200 దగ్గరి రెండు ఖర్చులే 450 దగ్గర తారుమారై కూర్చున్నాయి. 150కి జంట 600, 100కి జంట 900. ప్రతి జంట లబ్ధం 90,000, అంటే 300 వర్గం. ఇంకో విశేషం, ఏ అడ్డువరస తీసుకున్నా ఆర్డర్ ఖర్చును నిల్వ ఖర్చుతో గుణిస్తే ఒకే సంఖ్య వస్తుంది: 2,30,40,000. ఒకదానిలో Q హారంలో, రెండోదానిలో లవంలో ఉంది కాబట్టి గుణించగానే Q కొట్టివేయబడుతుంది.

లబ్ధం మారని రెండు ధన సంఖ్యల మొత్తం ఎప్పుడు కనిష్ఠం? అవి సమానమైనప్పుడు. వైశాల్యం మారకుండా దీర్ఘచతురస్రాన్ని ఎలా మలిచినా, చుట్టుకొలత అన్నిటికంటే తక్కువయ్యేది అది చతురస్రమైనప్పుడే. గణితంలోని అంకమధ్యమం, గుణమధ్యమం సంబంధమే ఇది. ఈ దారిలో వెళ్తే ఖండన బిందువు కనిష్ఠం కావడం యాదృచ్ఛికం కాదనీ తెలుస్తుంది, ఏ షరతు మీద నిలబడిందో కూడా తెలుస్తుంది. ఆ షరతు లబ్ధం స్థిరంగా ఉండటం. లబ్ధం Q తో పాటు మారడం మొదలుపెట్టిందా, ఖండన బిందువు ఒక దారి, కనిష్ఠం ఒక దారి.

దారులు విడిపోయే చోటు

విడిపోవడానికి పెద్ద మార్పేమీ అక్కర్లేదు. పైన చెప్పిన కర్మాగారమే, సరుకు ఆలస్యమైతే పని ఆగకుండా 75 బేరింగులు ఎప్పుడూ అదనంగా అట్టిపెట్టుకోవాలనుకుందనుకోండి. దీన్ని భద్రతా నిల్వ అంటారు. సగటు నిల్వ ఇప్పుడు Q లో సగానికి 75 ఎక్కువ. నిల్వ ఖర్చు గీత మొత్తంగా 2,400 పైకి జరిగింది. గీత పైకి జరిగింది కాబట్టి ఆర్డర్ వంపును అది ఇంకా ముందే, 234 దగ్గరే, ఖండిస్తుంది. కానీ ఆ 2,400 ఎంతేసి తెప్పించినా కట్టవలసిందే, కాబట్టి వాలులో మార్పు లేదు. గిన్నె మొత్తం 2,400 పైకి లేచింది, దాని అడుగు మాత్రం 300 మీదే ఉంది. 300 దగ్గర మొత్తం 12,000. ఖండన బిందువును నమ్మి 234 తెప్పిస్తే సుమారు 12,298. గీతలు కలిసిన చోటు వెతికే విద్యార్థి ఇక్కడ కచ్చితంగా తప్పు రాస్తాడు. వాలు చూసేవాడు భద్రతా నిల్వను పట్టించుకోకుండా 300 రాసి ముందుకు పోతాడు.

గిడ్డంగి అద్దె దగ్గరా ఇదే పొరపాటు జరుగుతుంది. అద్దె ఎలాగూ కట్టాలి, సరుకు ఎంతున్నా మారదు అన్నప్పుడు అది నిల్వ గీతను పైకి జరుపుతుందే తప్ప వాలు మార్చదు. లెక్కలో వేసినా వేయకపోయినా జవాబు ఒకటే, అయితే వేసినవాళ్లకు ఖండన బిందువు ఎడమకు జారిపోతుంది. అదే అద్దెను బేరింగుల సంఖ్యతో భాగించి H లో కలిపితే మరీ చేటు, అప్పుడు వాలే మారిపోయి జవాబే తప్పుతుంది.

రెండో రకం, గీత వంగిపోవడం. సరుకు పెరిగేకొద్దీ చోటు చాలక, ఇరుకులో కదపడం, వెతకడం, పాడవడం ఎక్కువై నిల్వ ఖర్చు Q వర్గంతో పాటు పెరుగుతోందనుకుందాం. ఉదాహరణకు 0.09 × Q². ఇలాంటి గీత మీద వాలు ఎత్తు బై Q కాదు, దానికి రెట్టింపు. కనుక వాలులు సమానం కావాలంటే నిల్వ ఖర్చు ఎత్తు, ఆర్డర్ ఖర్చులో సగమే ఉండాలి. లెక్క కడితే కనిష్ఠం 200 దగ్గర పడుతుంది. అక్కడ ఆర్డర్ ఖర్చు 7,200, నిల్వ ఖర్చు 3,600, మొత్తం 10,800. గీతలు ఖండించుకునేది మాత్రం 252 దగ్గర, అక్కడ మొత్తం సుమారు 11,430. ఇక్కడ సమానత్వం వెతకడమంటే 630 చేజేతులా వదులుకోవడం. సాధారణ నియమం ఇలా చెప్పుకోవచ్చు: ఒక ఖర్చు Q ఘాతం a తో పెరుగుతూ, రెండోది ఘాతం b తో తగ్గుతుంటే, కనిష్ఠం దగ్గర మొదటి ఖర్చును a తో, రెండోదాన్ని b తో గుణించినవి సమానమవుతాయి. అధ్యాయంలోని బొమ్మలో a, b రెండూ 1. అందుకే గుణించిన సంగతి కనబడదు.

మూడోది మనం ముందు పక్కన పెట్టిన కొనుగోలు ధర. అమ్మేవాడు 500 లేదా అంతకుమించి తీసుకుంటే బేరింగు 152కే ఇస్తానన్నాడు. ఆ ధరకు నిల్వ ఖర్చు 30.40 అవుతుంది, వర్గమూలం సూత్రం సుమారు 308 అంటుంది. కానీ 308కి ఆ ధర రాదు. 500 తెప్పిస్తే ఆర్డర్ ఖర్చు 2,880, నిల్వ ఖర్చు 7,600, గీతల పొంతనే లేదు. అయినా కొనుగోలుతో కలిపి ఏడాదికి 5,57,680. పాత ధరకు 300 చొప్పున తెప్పిస్తే 5,85,600. మొత్తం ఖర్చు ఇక్కడ గిన్నె కాదు, 500 దగ్గర ఒక మెట్టు విరిగిన గిన్నె. మెట్టు అంచునే అడుగు.

సరిచూసుకోవడంలో మోసం

పరీక్షల్లో ఒక చిట్కా చెబుతారు. Q వచ్చాక రెండు ఖర్చులూ వేసి చూడండి, సమానం కాకపోతే ఎక్కడో తప్పు చేశారన్నమాట. చిట్కా మంచిదే, కానీ అది పట్టుకునేది కూడికలు, గుణకారాల తప్పుల్ని మాత్రమే. సూత్రంలోకి వేసిన సంఖ్యల తప్పుల్ని అది పట్టుకోలేదు, ఎందుకంటే తప్పు సంఖ్యలతో గీసిన గీతలూ అంతే చక్కగా ఖండించుకుంటాయి.

అన్నిటికంటే తరచుగా జరిగేది కాలం తేడా. వాడకాన్ని నెలకు 300 అని వేసి, నిల్వ ఖర్చును ఏడాదికి 32 అనే ఉంచేస్తే Q సుమారు 87 వస్తుంది. అవే సంఖ్యలతో సరిచూస్తే ఆర్డర్ ఖర్చు 1,386, నిల్వ ఖర్చూ 1,386. అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఒకటి నెల ఖర్చు, ఒకటి ఏడాది ఖర్చు అని ఆ సంఖ్యలు చెప్పవు. దీన్ని పట్టుకోవాలంటే ఏడాదికి ఎన్ని ఆర్డర్లో లెక్కపెట్టాలి. 3,600ను 87తో భాగిస్తే 41 పైచిలుకు. తొమ్మిది రోజులకొకసారి సరుకు దించుకుంటామా అని గోదాము చూసుకునే మనిషిని అడిగితే తప్పు అప్పుడే బయటపడుతుంది. అడగకపోతే నిజమైన ఏడాది ఖర్చు 9,600 బదులు 18,000 దాటుతుంది.

సగం మరిచిపోవడం ఇంకొకటి. సగటు నిల్వకు బదులు పూర్తి Q మీద నిల్వ ఖర్చు వేస్తే 212 వస్తుంది, సరిచూసినా రెండూ 6,788 అని సమానంగానే తేలతాయి. ఇక్కడ నిజమైన నష్టం మాత్రం స్వల్పం, ఆరు శాతం. గిన్నె అడుగు అంత చదునైనది మరి. సరైన పరిమాణానికి రెట్టింపు తెప్పించినా, సగమే తెప్పించినా పెరిగేది 25 శాతమే, పట్టికలో 150, 600 దగ్గర ఉన్న 12,000 అదే. పైగా S ను నాలుగు రెట్లు తప్పుగా అంచనా వేస్తేనే Q రెండు రెట్లు తప్పుతుంది, వర్గమూలం పుణ్యాన. అందుకే 300 బదులు పెట్టెకు 40 చొప్పున ఎనిమిది పెట్టెలు, అంటే 320, తెప్పించినా ఎవరూ గుర్తుపట్టనంత తేడా. ఈ చదునుదనాన్ని చూసి అంచనాల మీద శ్రద్ధ అక్కర్లేదనుకోవడమే ప్రమాదం. తప్పు ఒక్కసారి జరిగి ఆగితే చదునుదనం కాపాడుతుంది, ఏటేటా తనను తాను పెంచుకునే తప్పు నుంచి కాపాడదు.

అలాంటి తప్పు S లో దాక్కుని ఉంటుంది. మన కర్మాగారపు కొనుగోలు విభాగంలో ఏడాది జీతాలు 14,400. ఆర్డర్ల సంఖ్యను బట్టి మారే ఖర్చు, 12 ఆర్డర్లకు 4,800. రెండూ కలిపి 19,200. అకౌంట్స్ లెక్కలో సులువైన పని, మొత్తాన్ని 12తో భాగించి ఒక్కో ఆర్డర్ ఖర్చు 1,600 అని రాయడం. ఆర్డర్లు తగ్గించినంత మాత్రాన జీతాలు తగ్గవన్నది ఆ భాగహారంలో కనబడదు. సూత్రం 600 తెప్పించమంటుంది, ఆర్డర్లు ఆరుకు దిగుతాయి. మరుసటి ఏడాది విభాగం ఖర్చు 14,400కు 2,400 కలిపి 16,800. ఆరుతో భాగిస్తే ఒక్కో ఆర్డర్ 2,800! ఆర్డర్ ఖర్చు పెరిగిపోతోందని నివేదిక, సూత్రం ఈసారి 794 అంటుంది. ఆ పై ఏడాది సుమారు 897. ఇలా పెరుగుతూ పెరుగుతూ 991 దగ్గర స్థిరపడుతుంది. అప్పటికి కాగితం మీద ఆర్డర్ ఖర్చు సుమారు 15,850, నిల్వ ఖర్చూ సుమారు 15,850, గీతలు వెంట్రుకవాసి తేడా లేకుండా ఖండించుకుంటాయి. నిజంగా ఆర్డర్లను బట్టి మారే ఖర్చు అందులో 1,453 మాత్రమే. దానికి నిల్వ ఖర్చు కలిపితే 17,300, 300 దగ్గరి 9,600 కంటే 80 శాతం ఎక్కువ.